మర్రిగూడలో యిర్మీయా 2:13: వ్యాఖ్యానం ఎక్కడ ఆగాలి, ప్రసంగం ఎక్కడ మొదలు కావాలి

నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక చిన్న సంఘంలో చాలా ఏళ్ల క్రితం నేను యిర్మీయా 2:13 మీద ప్రసంగించాను. "నా జనులు రెండు నేరములు చేసియున్నారు, జీవజలముల ఊటయైన నన్ను విడిచియున్నారు, తమకొరకు తొట్లను, అనగా బద్దలై నీళ్లు నిలువని తొట్లను తొలిపించుకొనియున్నారు" అనే వచనం అది. భూమిలో నుంచి ఉబికే నీరు స్వచ్ఛమైనదనీ, మనుషులు నిలవ చేసుకున్న నీరు పాచిపట్టి రోగాలు తెస్తుందనీ, దేవుడు ఊట అయితే లోకం తొట్టి అనీ మూడు భాగాలు చేసి చెప్పాను. మాటలు తడబడలేదు. అందరూ శ్రద్ధగానే విన్నారు.

ఆరాధన ముగిశాక నడుము వంగిపోయిన ఒక పెద్దాయన కర్ర ఆనించుకుంటూ నా దగ్గరికి వచ్చారు. "అయ్యగారూ, భూమిలో నుంచి వచ్చిన నీళ్లే మా ఎముకలు వంచాయి. పైపులో వచ్చి ట్యాంకులో నిలిచిన నీళ్లు తాగాకే మా మనవళ్లు నిటారుగా నడుస్తున్నారు. మీరు చెప్పిన ఊట మాకు ఎట్లా అర్థం కావాలి?" అని అడిగారు. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు లేకపోవడానికి కారణం ఉంది. ఆ ప్రసంగం నాది కాదు. ఒక విదేశీ బోధకుడి ఆంగ్ల ప్రసంగాన్ని తెలుగు చేసి, ఉదాహరణల్లో ఊళ్ల పేర్లు మార్చి చెప్పాను. ఆయన కొండ ఊటలు పారే ప్రాంతంలో, అక్కడి జనానికి ఆ మాటలు చెప్పారు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఫ్లోరైడు బావుల్లోకి, బోర్లలోకి దిగుతుంది. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ ఊళ్లలో ఎన్నో బావుల నీళ్లు ఆ హద్దును ఎప్పుడో దాటాయి. ఆ నీళ్లు తాగి పెరిగిన తరం పళ్లు గారపట్టాయి, కీళ్లు బిగుసుకుపోయాయి. కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాకే వారికి ఊరట దొరికింది. అలాంటి చోట నిలబడి నేను భూగర్భ జలాన్ని దేవుడితోనూ ట్యాంకు నీళ్లను లోకంతోనూ పోల్చాను.

ఎక్కడ తప్పిపోయానో విడదీసి చూసుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది. వ్యాఖ్యానం చదవడం తప్పా? కాదు. ఇతరుల ప్రసంగం వినడం తప్పా? అదీ కాదు. మరి అరువు ఎక్కడ ముగుస్తుంది, దొంగతనం ఎక్కడ మొదలవుతుంది? మన దగ్గర ఈ ప్రశ్నకు రెండు జవాబులు వినిపిస్తాయి, రెండూ తొందరపాటువే. "ఆత్మ నడిపింపు ఉంటే పుస్తకాలెందుకు" అనేది ఒకటి. "వాక్యం దేవునిది, దాని మీద ఎవరికీ హక్కు లేదు, ఎవరిదైనా చెప్పుకోవచ్చు" అనేది రెండోది.

మన సిద్ధపాటులోకి బయటి నుంచి మూడు రకాల సరుకు వస్తుంది. మొదటిది సమాచారం. యిర్మీయా పిలుపు యోషీయా పాలనలో 13వ ఏట వచ్చింది, అంటే సుమారు క్రీ.పూ. 627. యెరూషలేములో ఏడాది పొడవునా పారే ఊట గీహోను ఒక్కటే. ఇలాంటివి ఏ ఒక్కరి సొత్తూ కావు. పుస్తకం పేరు చెప్పకుండానే వేదిక మీద వాడుకోవచ్చు. రెండోది వివరణ. ఈ వచనంలో తొట్లు అంటే విగ్రహాలా, పరదేశాలతో పొత్తులా అన్న చర్చ ఆ కోవలోది. పది వ్యాఖ్యానాల్లో కనిపించే వివరణ అందరిదీ అవుతుంది. ఒక్కరే కనిపెట్టి చెప్పినది అయితే "ఒక వ్యాఖ్యానకర్త ఇలా గమనించారు" అని ఒక్క మాట అనడం న్యాయం. మూడోది ప్రసంగ శరీరం. ప్రసంగాన్ని భాగాలుగా విడగొట్టిన తీరు, ఒక్కో భాగానికి పెట్టిన పేరు, ఉదాహరణలు, విన్నవారి బతుక్కి చేసిన అన్వయం, బోధకుడు "నేను" అని చెప్పుకున్న అనుభవం అన్నీ ఇందులోకి వస్తాయి. ఇది ఒక కాపరి ఒక మందను చూసి తయారుచేసినది. మర్రిగూడలో నేను ఎత్తుకొచ్చింది దీన్నే. తెలుగులోకి మార్చినంత మాత్రాన అది నాది కాలేదు.

చరిత్రలో ఒక సంగతి ఈ తేడాను తేటగా చూపిస్తుంది. 1547లో ఇంగ్లండు సంఘం, సొంతంగా ప్రసంగించగల పాదిరులు చాలినంతమంది లేరని, అచ్చువేసిన ప్రసంగాల సంపుటిని పంపి ఆరాధనల్లో చదివించింది. చదివేది పాదిరి సొంతం కాదని వినేవారందరికీ తెలుసు. అందువల్ల అక్కడ మోసం లేదు. శనివారం రాత్రి సంఘంలో ఎవరైనా ప్రభువునందు నిద్రించి, సిద్ధపాటుకు గంట కూడా దొరకని వారం మనకూ వస్తుంది. అలాంటప్పుడు "ఈ రోజు ఫలానా దైవసేవకుడి ప్రసంగం చదివి వినిపిస్తాను" అని చెప్పి చదవడం నిజాయితీగల పనే. వేరొకరి మాటను నా ప్రార్థనలో దొరికిన మాటగా వినిపించడమే తప్పు.

ఈ సందర్భంలో యిర్మీయా 23:30 ఎత్తి చూపేవారు ఉన్నారు. "తమ జతవానియొద్దనుండి నా మాటలను దొంగిలించు ప్రవక్తలకు నేను విరోధిని" అనే వచనం అది. ఆ అధ్యాయం మొత్తం చదివితే అక్కడి ప్రవక్తలు దేవుడు పంపకుండానే వచ్చి కలలు చెప్పి జనాన్ని దారి తప్పించినవారు. తీరిక లేక ఒక ప్రసంగాన్ని ఎత్తుకొచ్చిన పల్లె పాస్టరును వారితో ఒక్క గాటన కట్టలేం. సందర్భం చూడకుండా వచనాన్ని విసరడం కూడా సిద్ధపాటు లోపమే కదా.

ఇప్పుడు అదే వచనం మీద ఒక వారం పని ఎలా సాగుతుందో చెబుతాను. మన ప్రాంతంలో పాస్టరుకు వారం పొడవునా గృహ కూడికలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో ఆసుపత్రులు, పంచాయితీలు, చాలామందికి ఇల్లు గడవడానికి వేరే పని ఉంటాయి. ప్రసంగానికి మొత్తం మీద ఆరేడు గంటలు దొరికితే గొప్ప. ఆ గంటలు తక్కువ కాబట్టే ఏ పని ముందు చేస్తామన్నది ఇంత ముఖ్యమైంది.

సోమవారం గంటసేపు తెలుగు బైబిలు తప్ప మరేదీ తెరవను. రెండో అధ్యాయం మొత్తం మూడుసార్లు చదువుతాను, అందులో ఒకసారి గట్టిగా. నోటుపుస్తకంలో పేజీ మధ్యన గీత గీసి, ఎడమవైపు నాకు కనిపించినవి, నాకు తోచిన ప్రశ్నలు రాస్తాను. కుడివైపు ఖాళీగా ఉంచుతాను. ఆ వారం ఎడమవైపు చేరినవి ఇవి. రెండు నేరాలు అన్నాడు, మొదటిది విడిచిపెట్టడం, రెండోది తవ్వుకోవడం, ఆ వరుస ఎందుకు? తొట్టి అంటే మా ఊళ్లో పశువులు నీళ్లు తాగే సిమెంటు తొట్టి, దాన్ని తొలిపించడం ఏమిటి? 18వ వచనంలో మళ్లీ నీళ్లు వచ్చాయి: "నీవు షీహోరు నీళ్లు త్రాగుటకు ఐగుప్తు మార్గములో నీకేమి పనియున్నది?" ఆ వెంటనే అష్షూరు, యూఫ్రటీసు నది. 13కీ 18కీ సంబంధం ఉందా?

ఈ మూడో ప్రశ్న ఏ వ్యాఖ్యానమూ లేకుండా, అధ్యాయం చివరిదాకా చదివినందుకు దొరికింది. ముందే వ్యాఖ్యానం తెరిచి ఉంటే జవాబు మొదట వచ్చేది, ప్రశ్న పుట్టేదే కాదు. ప్రశ్న పుట్టని చోట జవాబును నిలువునా ఎత్తి రాసుకోవడం తప్ప మరో దారి ఉండదు. నకలు మొదలయ్యేది అక్కడేనని నా అనుభవం.

మంగళవారం పనిముట్లు బయటికి వస్తాయి. ఆసక్తి పుట్టింది కదా అని అన్నీ ఒకేసారి తెరిస్తే సాయంత్రం అందులోనే గడిచిపోతుంది. ఎడమవైపు రాసిన ప్రశ్నకు ఏ పనిముట్టు పనికొస్తుందో దాన్నే తీస్తాను. తొట్టి అంటే ఏమిటన్న ప్రశ్నకు బైబిలు నిఘంటువు చాలు. యూదయ కొండలు సున్నపురాయి. ఆ రాతిలో పైన మూతి ఇరుకుగా, లోపల వెడల్పుగా గదిలా తొలిచి, గోడలకు సున్నం పూసి, వానాకాలపు నీళ్లు అందులోకి మళ్లించుకునేవారు. పూత పగిలితే నీళ్లు రాతి నెర్రెల్లోకి ఇంకిపోతాయి. ఇది చదివాక నాకు సిమెంటు తొట్టి బొమ్మ చెరిగిపోయి, ఇళ్ల ముందు నేలలో కట్టే సంపు కనబడింది. "సంపు" అనే ఆ ఒక్క మాట ఎడమవైపు రాసుకున్నాను. నిఘంటువులో ఆ మాట లేదు, ఉండదు కూడా. సమాచారం వారు ఇచ్చారు, మా వాడకట్టులోకి దాన్ని తెచ్చుకోవడం మాత్రం నా పని.

తర్వాత పదానుక్రమణిక. మనలో చాలామంది ఫోనులో వాడేది స్ట్రాంగ్ సంఖ్యలతో ఉన్నది. జేమ్స్ స్ట్రాంగ్ 1890లో ఆంగ్ల కింగ్ జేమ్స్ బైబిలులోని ప్రతి మాట వెనుక ఉన్న హెబ్రీ, గ్రీకు మాటకు ఒక సంఖ్య ఇచ్చాడు. కాబట్టి అది ఆంగ్ల పాఠానికి కట్టిన తాళంచెవి, తెలుగు బైబిలు పక్కన ఆంగ్లం కూడా తెరిచి ఉంచుకోవాలి. "జీవజలములు" వెనుక ఉన్న హెబ్రీ మాట "మయిమ్ హయ్యిమ్". అదే మాట ఆదికాండము 26:19లో ఇస్సాకు దాసులు తవ్విన బావి దగ్గర వస్తుంది, అక్కడ మన తెలుగు బైబిలు "జెలలుగల నీళ్లబావి" అంటుంది. లేవీయకాండము 14:5లో అదే మాటకు "పారు నీరు" అంది. అంటే యిర్మీయా కాలపు రైతుకు జీవజలం అంటే ముందుగా తోచేది ఆగకుండా ఊరే, పారే నీరు. మనం ఆ మాట వినగానే యోహాను 4వ అధ్యాయంలోని సమరయ స్త్రీ దగ్గరికి పరుగెత్తుతాం. అక్కడికి చేరాల్సిందే, కానీ యిర్మీయా చెప్పింది విన్న తర్వాత చేరాలి.

ఈ పనిముట్టుకు ఒక హద్దు ఉంది. యూదా అధిపతులు యిర్మీయాను దింపింది, తొట్టిలా తొలిచి, నీళ్లు లేక బురద మాత్రమే ఉన్న గోతిలోకే (38:6). యోసేపును పడేసిన "గుంట" కూడా అలాంటిదే, "అందులో నీళ్లులేవు" అని అక్కడ రాసి ఉంది. కానీ యిర్మీయా 2:13లో తొట్టికి వాడిన హెబ్రీ మాట రాసిన తీరు కొంచెం వేరు, అందుకని స్ట్రాంగ్ దానికి వేరే సంఖ్య ఇచ్చాడు. సంఖ్యను నొక్కి వెతికితే గుంటా రాదు, గోయీ రాదు. అవి రెండూ ఒకే రకం నిర్మాణమని చెప్పేది నిఘంటువే. సంఖ్య కింద కనిపించే అర్థాల వరుసలో మనకు నచ్చినదాన్ని ఏరుకుని "హెబ్రీలో దీని అసలు అర్థం" అని వేదిక మీద చెప్పడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. ఒక మాటకున్న అర్థాలన్నీ ఒకే వచనంలో పనిచేయవు. తెలుగులో "కట్ట" అంటే చెరువు గట్టు, నోట్ల దొంతర కూడా. "చెరువు కట్ట తెగింది" అన్న వాక్యంలోకి నోట్లను తెచ్చేవాడు ఎవడూ ఉండడు కదా. హెబ్రీ విషయంలోనూ ఆ పాటి జాగ్రత్త చాలు.

బుధవారం వ్యాఖ్యానాలు. రెండు చాలు, ఒకటి పాతది, ఒకటి కొత్తది. పాతవాటిలో మన ఫోన్లలో ఎక్కువగా ఉన్నది మాథ్యూ హెన్రీ వ్యాఖ్యానం. ఆయన 1714లో చనిపోయేనాటికి అపొస్తలుల కార్యముల వరకే పూర్తయింది. రోమా పత్రిక నుంచి చివరిదాకా వేరే సేవకులు పూరించారు. కాపీహక్కు గడువు ఎప్పుడో ముగిసింది కాబట్టి ఉచితంగా దొరుకుతుంది. భక్తిలో లోతైనది, అన్వయాల్లో సంపన్నమైనది. కానీ 300 ఏళ్ల నాటిది, ఆ తర్వాత తవ్వకాల్లో బయటపడినవేవీ ఆయనకు తెలిసే వీలు లేదు.

ఈ వచనం దగ్గర హెన్రీ రాసింది జాగ్రత్తగా చదివితే ఒక మలుపు కనిపిస్తుంది. మొదట ఊట, తొట్టి అన్న పోలికను విప్పుతాడు. ఆ వెంట ధనాన్ని, సుఖాన్ని, ఘనతను దేవుడి స్థానంలో పెట్టుకుంటే అవన్నీ తొట్లే అవుతాయని, ఎంతో కష్టపడి తొలిచినా వాటిలో కొంచెం నీరే పడుతుందని, ఆ కొంచెం కూడా చప్పబడి చెడిపోతుందని రాస్తాడు. తొట్టి నీరు చెడిపోతుందన్నది లోకంలో నిజమే. కానీ వచనంలో ఆ మాట లేదు. వచనం చెప్పింది ఒక్కటే, నీళ్లు నిలవవు అని. వచనాన్ని వివరిస్తూ వివరిస్తూ హెన్రీ తన సంఘానికి అన్వయంలోకి దిగాడు. ఆయనకు ఆ హక్కు ఉంది. చదివే నేను ఆ మలుపును గుర్తుపట్టాలి.

మర్రిగూడలో నేను జారిపడింది ఇక్కడే. నేను తెలుగు చేసిన ప్రసంగం "మంచి నీరు, చెడ్డ నీరు" అన్న పోలిక మీద నిలబడింది. యిర్మీయా పోలిక మాత్రం "ఉన్న నీరు, లేని నీరు" అన్నది. తనంతట ఊరేదాన్ని విడిచి, చెమటోడ్చి తొలిచినా చుక్క నిలవనిదాన్ని పట్టుకున్నారని ప్రవక్త ఏడుస్తున్నాడు. ఈ తేడా తెలిసి ఉంటే ఆ పెద్దాయనకు జవాబు ఉండేది. ఊట నీరు ఆరోగ్యకరమా కాదా అన్నది వచనం ఎత్తుకున్న విషయమే కాదని చెప్పగలిగేవాణ్ని.

రెండు వ్యాఖ్యానాలు చదివేది, ఒకటి తప్పితే రెండోది చేయి పట్టుకుంటుందని. అవి ఒకదానితో ఒకటి విభేదించినప్పుడు ఇంకా ఎక్కువ మేలు. తొట్లు అంటే విగ్రహాలని ఒక వివరణ, ఐగుప్తు, అష్షూరులతో పొత్తులని మరొకటి. ఎవరి మాట వినాలి? ఇద్దరూ సాక్షులు, తీర్పరి వాక్యభాగమే. 11వ వచనం దేవతలను మార్చుకోవడం గురించి మాట్లాడుతుంది, కాబట్టి విగ్రహాలన్న వివరణకు ఆధారం ఉంది. 18వ వచనం నీళ్ల పోలికనే తీసుకుని ఐగుప్తు, అష్షూరు దారి పట్టింది, కాబట్టి పొత్తులకూ ఆధారం ఉంది. అధ్యాయం రెండింటినీ ఒక చోట చేర్చింది. సోమవారం నాటి నా మూడో ప్రశ్నకు జవాబు ఇలా దొరికింది. ఆ ప్రశ్న నాది కాబట్టి, వ్యాఖ్యానం సాయం చేసినా ఆ జవాబును నా మాటల్లో, నా తడబాటుతో సహా చెప్పగలను.

రాసుకునే పద్ధతి గురించి ఒక్క మాట. వ్యాఖ్యానం తెరిచి ఉండగా కలం పట్టుకోను. ఒక పుట చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది కుడివైపు రెండు వాక్యాల్లో రాసి, పక్కన ఎవరిదో పుటతో సహా గుర్తు పెడతాను. ఒక వాక్యం ఉన్నదున్నట్టు కావాలనిపిస్తే కొటేషన్ గుర్తుల మధ్యనే రాస్తాను. లేకపోతే ఏడాది తర్వాత పాత నోటుపుస్తకం తిరగేసినప్పుడు ఆ వాక్యం నాదేనని నేనే నమ్ముతాను. చేతిరాత నాదే కదా! తెలియకుండా జరిగే నకళ్లలో చాలా వరకు ఇలాగే పుడతాయి.

ఇతరుల ప్రసంగాల వీడియోలు మాత్రం అదే వాక్యభాగం మీద ఆదివారం దాటేదాకా చూడను. వ్యాఖ్యానం సరుకు ఇస్తుంది, వంట నేనే చేయాలి. ప్రసంగం వండి వడ్డించిన విస్తరి, చూశాక నా చేతికి వేరే రుచి రాదు. భాగాలు, ఉపమానాలు, చివరికి గొంతు పెంచే చోటు కూడా చెవిలో నాటుకుపోతాయి. మన సంఘస్థుల ఫోన్లలోకీ అవే వీడియోలు వస్తున్నాయని మరవకూడదు.

అరువు తెచ్చుకున్న ప్రసంగాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. మూడు భాగాల పేర్లు ఆంగ్లంలో ఒకే అక్షరంతో మొదలై, తెలుగులో పొంతన లేకుండా ఉంటాయి. ఉదాహరణల్లో మంచు కురుస్తుంది. అన్వయం అందరికీ సరిపోతుంది, ఎదురుగా కూర్చున్న ఏ ఒక్కరికీ తగలదు. నా ప్రసంగాన్ని శనివారం నేను పరీక్షించుకునే తీరు ఇది: ప్రతి ముఖ్యమైన మాట మీదా వేలు పెట్టి, ఇది ఏ వచనంలో ఉంది అని అడుగుతాను. జవాబు వచనం సంఖ్య కాకుండా పుస్తకం పేరు అయితే ఆ మాట ఇంకా నాది కాలేదు. దాన్ని వాక్యభాగంలో చూపగలిగేదాకా తవ్వాలి, లేదా వదిలేయాలి.

అన్వయం దగ్గరే మన ప్రాంతపు పాస్టరుకు ఏ పుస్తకమూ సాయం రాని ఘట్టం వస్తుంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో తవ్వడం, నీళ్లు పడకపోవడం అన్న మాటలు వినగానే బోరు గుర్తుకొస్తుంది. ఒక బోరు ఎండితే ఇంకొకటి, అదీ పడకపోతే అప్పు చేసి మరొకటి వేసిన రైతులు మన సంఘాల్లో బెంచీల మీద కూర్చుని ఉన్నారు. "బద్దలైన తొట్లు అంటే మీ బోర్లే" అని ఒక్క మాట అనేస్తే పోలిక అద్భుతంగా అతుకుతుంది. నేనూ ఆ వారం ఎడమవైపు అదే రాసుకున్నాను, తర్వాత కొట్టేశాను. యిర్మీయా చెప్పిన నేరం తవ్వడం కాదు, దేవుణ్ని విడిచి తవ్వడం. పిల్లల తిండి కోసం బోరు వేసి అప్పులపాలైన మనిషికి, నీ బోరే నీ పాపం అని అనిపించేలా మాట్లాడితే వాక్యంలో లేని గాయాన్ని వాక్యం పేరుతో చేసినట్టవుతుంది. పుస్తకం నుంచి కాక నా ఊరి నుంచి వచ్చిన పోలిక కూడా వచనం ముందు పరీక్షకు నిలబడాల్సిందే.

బోరుకు బదులు పట్టుకోవలసిన బొమ్మ గురువారం సాయంత్రం దొరికింది. మా సంఘంలో ఒక మేస్త్రీ అన్న ఉన్నారు, సంపులు కడతారు. గృహ కూడిక అయ్యాక, సంపులో నీళ్లు కారిపోతున్నాయని ఎలా తెలుస్తుందన్నా అని అడిగాను. "పైనుంచి చూస్తే తెలియదు అయ్యగారూ. నిండా నీళ్లు పెట్టి, పొద్దుగూకే వేళ నీళ్ల మట్టం దగ్గర గోడకు బొగ్గుతో గీత గీయాలి. ఎవరినీ తోడనివ్వకుండా మూత వేసి, తెల్లారి చూడాలి. నీళ్లు గీత కిందికి దిగితే పగులు ఉన్నట్టు" అన్నారు. పగులు ఎక్కడుందో ఎలా కనిపెడతారని అడిగితే, నీళ్లు దిగి దిగి ఒక చోట ఆగిపోతాయనీ, పగులు ఆ మట్టం దగ్గరే ఉంటుందనీ చెప్పారు. ఇంటికి వచ్చి అదంతా ఎడమవైపు రాసుకున్నాను, పక్కన ఆయన పేరు కూడా రాశాను.

ఆ ప్రసంగం మళ్లీ మర్రిగూడలోనే చేశాను. రెండే భాగాలు, వచనం తనంతట చెప్పిన రెండు నేరాలు. మొదట రాతిలో తొలిచిన తొట్టిని సంపుతో పోల్చి చూపించాను. "ఇక్కడ ఊట అంటే మీ బావి నీళ్లు కావు, ఆ నీళ్లు మీకేం చేశాయో నాకు తెలుసు. ఆగకుండా వచ్చే నీళ్లు అన్నదే ప్రవక్త మాట" అని ముందే చెప్పాను. 18వ వచనం చదివి, కష్టం వచ్చిన ప్రతిసారీ యూదా ఐగుప్తు వైపు, అష్షూరు వైపు ఎలా పరుగెత్తిందో చెప్పాను. ఒక వ్యాఖ్యానంలో చదివిన మాటను, చదివానని చెప్పే వాడుకున్నాను. మేస్త్రీ అన్న అనుమతితో బొగ్గు గీత సంగతి చెప్పి, తెల్లవారి మూత తీసి చూసుకోవలసిన చోట్లు ఏవో మా ఊళ్ల బతుకులోంచే రెండు చూపించాను. యోహాను 4వ అధ్యాయానికి చివరి పది నిమిషాలు మిగిలాయి.

పెద్దాయన ఈసారి ముందు వరుసలో కూర్చున్నారు. ఆరాధన అయ్యాక నన్ను దగ్గరికి పిలిచి, "18వ వచనంలో షీహోరు అన్నారు, అది ఏ నది అయ్యగారూ?" అని అడిగారు. అది నైలు నదికి సంబంధించిన పేరని చెప్పి, నోటుపుస్తకం తెరిచి, ఆ మాట గురించి బుధవారం రాసుకున్నది ఆయనకు చదివి వినిపించాను.